పేజీలో 25 రూపాయలు, ఓటీపీలో 48,999

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాం. పోయిన వారం మా అమ్మ ఊరి నుంచి వడియాలు, పాపకి గౌన్లు స్పీడ్ పోస్టులో పంపింది. వాటికోసం చూస్తుండగానే +63తో మొదలయ్యే నంబరు నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. పార్సిల్ గోడౌన్‌కి చేరింది, రెండుసార్లు తెచ్చాం, అడ్రసు సరిగ్గా లేదు, 48 గంటల్లో సరిచేయకపోతే వెనక్కి పంపేస్తాం అని. లింకు నొక్కితే ఇండియా పోస్ట్ బొమ్మతో పేజీ వచ్చింది. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఇచ్చాను. మళ్ళీ తేవడానికి 25 రూపాయలంటే డెబిట్ కార్డు వివరాలు కొట్టాను. ఓటీపీ వచ్చింది గానీ ఆ మెసేజ్‌లో 48,999 అని కనబడింది. భయమేసి పేజీ మూసేశాను. డబ్బు పోలేదు. మర్నాడు బ్యాంకు కార్డ్ సెక్షన్ అంటూ ఒకతను ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాడు. నా పేరు, అడ్రసు, కార్డు చివరి నాలుగంకెలు చెప్పాడు. కార్డు బ్లాక్ చేయడానికని వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. డౌన్‌లోడ్ అయింది, తెరిచానో లేదో గుర్తు లేదు. మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు. అతను నిజంగా బ్యాంకు మనిషేనా? అది మా ఇద్దరి జాయింట్ అకౌంట్. కార్డు ఆపేస్తే మా ఆయనకి తెలిసిపోతుంది, ఇంకా చెప్పలేదు. పార్సిల్ కూడా ఇంకా రాలేదు. ఏం చేయను? (పేరు రాయవద్దు, మారతహళ్ళి)

జవాబు: అతను బ్యాంకు మనిషి కాదమ్మా. ముందుగా ఆ ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఇంట్లోనో పక్కింట్లోనో వేరే ఫోన్ తీసుకుని, మీ కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి. కారణాలు కింద వివరంగా చెబుతాను గానీ ఈ రెండు పనులూ అయ్యాకే మిగతాది చదవండి.

అతను మీకు చెప్పినవన్నీ ముందురోజు మీరు ఆ పేజీలో కొట్టినవే. పేరు, అడ్రసు, కార్డు చివరి అంకెలు. మీరు అక్కడ ఇవ్వని సంగతి ఒక్కటైనా చెప్పాడేమో గుర్తు చేసుకోండి. అకౌంటు ఏ బ్రాంచిలో ఉంది, మీ ఆయన పేరేమిటి, ఇలాంటివేవీ చెప్పి ఉండడు. ఈ తరహా మోసం సాధారణంగా రెండు దఫాలుగా నడుస్తుంది. మొదటి రోజు పేజీ వివరాలు లాగుతుంది. అక్కడ ఓటీపీ దొరకకపోతే, అవే వివరాలు చేతిలో పెట్టుకుని రెండోరోజు మనిషి ఫోన్ చేస్తాడు. ఇన్ని సంగతులు తెలిసినవాడు బ్యాంకువాడే అయ్యుంటాడని మనం నమ్ముతాం. పైగా కార్డు ఆపాలంటే బ్యాంకుకి మీ ఫోన్‌లో ఏ ఫైలూ అక్కర్లేదు. వాళ్ళ కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే ఆగిపోతుంది. బ్యాంకులు తమ ఖాతాదారులకు చేసే సర్వీసు కాల్స్ కోసం టెలికాం శాఖ 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించింది. అతను మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి చేశాడేమో కాల్ లిస్టులో చూడండి. 1600 నంబరు నుంచి వచ్చినా సరే, ఓటీపీ అడిగితే, ఫైలు పంపితే పెట్టేయాల్సిందే.

ఇప్పుడు మీకొచ్చిన ఓటీపీ మెసేజ్ గురించి. ఈ వ్యవహారం మొత్తంలో నిజమైనది అదొక్కటే. దాన్ని మీ బ్యాంకే పంపింది. పేజీలో 25, మెసేజ్‌లో 48,999 ఎందుకు వచ్చాయంటే, ఆ పేజీకి డబ్బు తీసుకునే ఏర్పాటే లేదు. మీరు కొట్టిన కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ అవతలివాళ్ళకు చేరాయి. వాళ్ళు అదే నిమిషంలో వేరే అసలైన షాపు సైటులో 48,999 రూపాయల సరుకు ఎంచుకుని, చెల్లింపు దగ్గర మీ కార్డు వివరాలు పెట్టారు. ఆ షాపు మీ బ్యాంకుని అడిగింది, బ్యాంకు మీకు ఓటీపీ పంపింది. ఆ కాసేపూ మీ పేజీలో 'ప్రాసెసింగ్' అంటూ చక్రం తిరుగుతూ ఉండి ఉంటుంది. వాళ్ళు అవతల టైపు చేసుకోవడానికి అది సమయం ఇస్తుంది. తర్వాత మీరు ఓటీపీ కొడితే ఆ 48,999 కొనుగోలు పూర్తయ్యేది.

చాలామంది ఆ అంకె చూడరు. కారణం అజాగ్రత్త ఒక్కటే కాదు. ఓటీపీ రాగానే ఫోన్ పైన చిన్న పట్టీలో ఆరంకెలు, పక్కనే కాపీ చేసే బటనూ చూపిస్తుంది. కీబోర్డు కూడా ఆ అంకెల్ని తనే అందిస్తుంది. ఒక్కసారి తాకితే గడిలో పడిపోతాయి. 'ఎంత డబ్బుకి, ఏ షాపులో, ఏ కార్డు మీద' అన్న వాక్యం తెరవని మెసేజ్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి ఇకమీదట నిజమైన కొనుగోలు చేస్తున్నప్పుడు కూడా ఆ పట్టీని తాకకండి. మెసేజ్ తెరిచి ముందు డబ్బు, తర్వాత షాపు పేరు, చివర్న అంకెలు చదవండి. డబ్బు సరిపోయినా షాపు పేరు వేరేగా ఉంటే ఆగండి. అసలు డబ్బు ప్రస్తావనే లేకుండా కార్డుని కొత్త ఫోన్‌కో వాలెట్‌కో జతచేయడానికి, లేదా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చడానికి ఓటీపీ అని ఉంటే అది ఇంకా ప్రమాదం. ఒక్క కొనుగోలుతో ఆగదు, తలుపు తీసి పెట్టినట్టు అవుతుంది.

మెసేజ్‌నే చూసి పట్టుకోవచ్చా అంటే, పట్టుకోవచ్చు. అచ్చు ఇలాంటి 'గోడౌన్, రెండుసార్లు తెచ్చాం, 48 గంటలు' మెసేజ్ 2024లో ఇండియా పోస్ట్ పేరుతో దేశమంతా తిరిగింది. అది నకిలీదని ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం కూడా ప్రకటించింది. మీ అమ్మగారు పార్సిల్ పంపిన సంగతి వాళ్ళకి తెలియనవసరం లేదు. లక్షల నంబర్లకు ఒకేసారి పంపుతారు. ఏదో ఒక పార్సిల్ కోసం చూస్తున్నవాళ్ళు బెంగళూరులో వీధికి పదిమంది ఉంటారు.

మొదట పంపినవాళ్ళ పేరు చూడాలి. +63 ఫిలిప్పీన్స్ దేశపు కోడ్. మన తపాలాశాఖ మారతహళ్ళి పార్సిల్ గురించి అక్కడి నంబరు నుంచి రాయదు. మన బ్యాంకులు, సంస్థలు పంపే మెసేజ్‌లకి నంబరు ఉండదు, ఇలాంటి అక్షరాలుంటాయి:

```
AX-ABCBNK-T
```

మొదటి రెండక్షరాలు ఏ టెలికాం కంపెనీ ద్వారా, ఏ ప్రాంతం నుంచి వచ్చిందో చెబుతాయి. మధ్యలోది సంస్థ రిజిస్టర్ చేయించుకున్న పేరు. చివరి అక్షరం 2025 నుంచి వచ్చింది. T అంటే లావాదేవీ, S అంటే సర్వీసు, P అంటే ప్రచారం, G అంటే ప్రభుత్వం. ఓటీపీ పేరుతో వచ్చిన మెసేజ్ చివర P ఉంటే అదే అనుమానించదగ్గ విషయం. ఇలాంటి పేర్లతో వెళ్ళే మెసేజ్‌లలో ముందుగా నమోదు చేయించని లింకు ఉంటే ఆపేయాలని 2024 అక్టోబరు 1 నుంచి టెలికాం కంపెనీలకు నిబంధన ఉంది. అయితే మామూలు నంబరు నుంచి వచ్చే మెసేజ్‌కి, వాట్సాప్‌కి ఆ జల్లెడ వర్తించదు. మీకు వచ్చింది ఆ దారినే. పేరు సరిగ్గా ఉంటే నమ్మేయవచ్చని మాత్రం కాదు. రిజిస్టరైన పేర్లు కూడా దుర్వినియోగమైన సందర్భాలున్నాయి. పంపినవాళ్ళ పేరు తప్పుగా ఉంటే మెసేజ్ నకిలీ అని తేల్చేయవచ్చు, సరిగ్గా ఉంటే తర్వాతి పరీక్షకి వెళ్ళాలి.

ఆ తర్వాతిది లింకు. మీకొచ్చిన లింకు మీరు రాయలేదు కాబట్టి ఆ తరహాలో ఒకటి అల్లి చూపిస్తాను:

```
https://indiapost.gov.in.pin-seva.top/track
```

చూడగానే indiapost.gov.in కనిపించి మనసు కుదుటపడుతుంది. దీన్ని ఎడమ నుంచి చదవకూడదు. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత / దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రెండు ముక్కలు చదవాలి. top, దాని ముందు pin-seva. అంటే ఈ సైటు యజమాని pin-seva.top అనే పేరు కొనుక్కున్నవాడు. కవరు మీద అడ్రసులో ఊరు చివర్న ఉన్నట్టే, వెబ్ అడ్రసులో కూడా అసలు సొంతదారు చివర్నే ఉంటాడు. దాని ముందు indiapost అని, gov అని ఏది తగిలించుకోవాలన్నా అతని ఇష్టం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అసలు తపాలాశాఖ సైటు indiapost.gov.in, ఆ in తర్వాత వెంటనే ఏటవాలు గీత రావాలి. చివర gov.in ఉంటే వెనక్కి రెండు ముక్కలతో ఆగకుండా మూడు చదవండి, అప్పుడే ఏ శాఖో తెలుస్తుంది. gov.in పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అలాగే gov ముందు చుక్కకి బదులు అడ్డగీత ఉంటే అది ఎవరైనా కొనగల మామూలు పేరు.

బ్యాంకుల విషయంలో ఈ పని ఇప్పుడు కొంచెం తేలికైంది. రిజర్వు బ్యాంకు మన బ్యాంకుల సైట్లన్నిటినీ 2025 అక్టోబరు 31 లోపు bank.in అనే చివరి పేరుకి మారమంది. ఆ పేరు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. స్టేట్ బ్యాంకుది sbi.bank.in అయినట్టే మీ బ్యాంకుదీ bank.in తోనే ముగియాలి. ఇక్కడ కూడా చివర్నే చూడాలి, మధ్యలో bank.in ఉన్నంత మాత్రాన లెక్కకాదు. అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందని ధీమా పడకండి. మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే ఆ తాళం చెబుతుంది. ఆ సైటువాడు మంచివాడని చెప్పదు. దొంగ సైటుకి కూడా ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది.

ఇక మీ ముందున్న దారులు. కార్డు సంగతి మొదట. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకాన్ని, విదేశీ వాడకాన్ని విడివిడిగా ఆపే మీటలుంటాయి. అవి ఆపితే కార్డు ఏటీఎంలో పనిచేస్తుంది, మీ ఆయనకి తెలియకపోవచ్చు. మీరు ఈ దారివైపే మొగ్గుతున్నారని ఉత్తరంలో తెలుస్తోంది. కానీ నంబరు, గడువు, సీవీవీ మూడూ వాళ్ళ దగ్గర అలాగే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఏదో కొనడానికి మీరో, ఆయనో ఆ మీట మళ్ళీ వేస్తే ఆ రోజు నుంచి ప్రమాదం మళ్ళీ మొదలు. కొన్ని విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండా ఈ మూడు వివరాలతోనే కొనుగోలు జరిగిపోతుంది. అందుకే ఓటీపీ ఇవ్వలేదు కదా అని ఊరుకోవడానికి లేదు.

రెండో దారి కార్డుని శాశ్వతంగా బ్లాక్ చేయించి కొత్తది తెప్పించుకోవడం. కొత్త కార్డు పోస్టులో వచ్చేదాకా ఏటీఎం ఉండదు, కొంత చార్జీ పడవచ్చు, ఈ కార్డు మీద పెట్టుకున్న నెలవారీ ఆటోపేలు మళ్ళీ పెట్టుకోవాలి. అయితే యూపీఐ ఆగదు. అది కార్డుకి కాదు, అకౌంటుకి ముడిపడి ఉంటుంది. కూరగాయల కొట్టు దగ్గర క్యూఆర్ మామూలుగానే పనిచేస్తుంది. నా మాట అడిగితే మీ పరిస్థితిలో రెండోదే మేలు. అందుకే మొదట్లోనే ఆ ఫోన్ చేయమన్నాను.

డబ్బు పోకపోయినా బ్యాంకుకి చెప్పడంలో ఇంకో లాభం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, ఖాతాదారు తనే వివరాలు బయటపెట్టిన సందర్భాల్లో బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. చెప్పాక జరిగే నష్టం బ్యాంకుది. అంటే మీరు ఫోన్ చేసిన నిమిషమే హద్దు. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. అదే సంగతి ఒక ఈమెయిల్‌లో కూడా పంపితే చేతిలో ఆధారం ఉంటుంది.

ఆ ఫైలు సంగతి తొందరగా తేల్చాలి. పేరు చివర .apk అని ఉంటే అది ఆండ్రాయిడ్ యాప్. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన అది పనిచేయదు, ఇన్‌స్టాల్ చేస్తేనే. అతని నంబరు, చాట్, మొదటి మెసేజ్, ఓటీపీ మెసేజ్ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక డౌన్‌లోడ్స్‌లోంచి, వాట్సాప్‌లోంచి ఫైలు తీసేయండి. ఇన్‌స్టాల్ అయిందో లేదో తెలుసుకోవడానికి సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు మొత్తం తెరిచి చూడండి. ఇలాంటివి తెర మీద తమ బొమ్మని దాచేస్తాయి కాబట్టి హోమ్ స్క్రీన్ చూస్తే చాలదు. మీరు పెట్టని పేరు, ముఖ్యంగా బ్యాంకు పేరుతోనో 'కార్డ్', 'కేవైసీ' అనో ఉంటే దాని అనుమతుల్లోకి వెళ్ళండి. ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఉంటే మీకొచ్చే ఓటీపీ మీరు చూడకముందే వాళ్ళకి పోతుంది. మొదట్లో డేటా ఆపమన్నది ఇందుకే.

అలాంటిది ఏదీ లేకపోతే, డేటా వేసి ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ ఒకసారి నడిపి మామూలుగా వాడుకోవచ్చు. ఉంటే మాత్రం సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయండి, ఓటీపీలు అక్కడికి వస్తాయి. ఆ వేరే ఫోన్ నుంచే నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి. పిన్ మార్చేటప్పుడు కార్డు వివరాలు అడిగితే, కొత్త కార్డు వచ్చేదాకా యూపీఐని ఆపి ఉంచమని బ్యాంకుని అడగవచ్చు. తర్వాత పాత ఫోన్‌లో ఆ యాప్ మాత్రమే తీసేయడం ఒక దారి. అది తక్కువ పని, కానీ ఇంకేదైనా వదిలి వెళ్ళిందేమోనన్న అనుమానం మిగులుతుంది. కొన్ని యాప్‌లు డివైస్ అడ్మిన్ అనుమతి తీసేదాకా కదలవు కూడా. ఫోటోలు వేరేచోట దాచుకుని ఫోన్ మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేయడం రెండో దారి. ఒక పూట పని పడుతుంది, వాట్సాప్ చాట్లకి బ్యాకప్ లేకపోతే పోతాయి. జాయింట్ అకౌంటు ఉన్న ఫోన్ కాబట్టి నేనైతే రీసెట్టే చేయమంటాను.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది డబ్బు పోయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పోలేదు కాబట్టి sancharsaathi.gov.in లో 'చక్షు' అనే విభాగంలో ఆ రెండు నంబర్లూ, స్క్రీన్‌షాట్లూ పెట్టండి. ఒకవేళ స్టేట్‌మెంట్‌లో మీరు చేయని ఖర్చు ఒక్క రూపాయి కనిపించినా చక్షు కాదు, 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో పెట్టాలి. అక్కడ గంటలే లెక్క. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి మారేలోపు ఆపించగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. బెంగళూరులో ఇలాంటి కేసులు సైబర్ నేరాల కోసం పెట్టిన సీఈఎన్ పోలీసు స్టేషన్లు చూస్తాయి.

పార్సిల్ సంగతి ఆ మెసేజ్‌తో ముడిపెట్టకండి. అమ్మగారి దగ్గర పోస్టాఫీసు రసీదు ఉంటుంది, ఫోటో తీసి పంపమనండి. దాని మీద రెండక్షరాలు, తొమ్మిదంకెలు, చివర IN కలిసి 13 ఉంటాయి. బ్రౌజర్లో indiapost.gov.in అని మీరే టైపు చేసి ఆ నంబరు పెడితే ఏ ఊళ్ళో ఉందో తెలుస్తుంది. లేదా 1800 266 6868కి ఫోన్ చేయండి. డెలివరీ కోసం కూడా ఓటీపీ వచ్చే పద్ధతి ఉంది, దాన్ని చూసి భయపడకండి. ఆ మెసేజ్‌లో డబ్బు మాట ఉండదు, డెలివరీ అనే ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ గుమ్మం ముందు పార్సిల్‌తో నిలబడ్డప్పుడే అది చెప్పాలి, ఫోన్‌లో అడిగినవాళ్ళకి కాదు.

మీ ఆయనకి చెప్పడం మీ ఇష్టమే, కాకపోతే చెప్పకపోతే జరిగేవి రెండున్నాయి. కార్డు ఆపినట్టు బ్యాంకు మెసేజ్ ఆయన ఫోన్‌కి కూడా రావచ్చు. అప్పుడు మీ నుంచి కాకుండా బ్యాంకు నుంచి తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, మీ దగ్గర పని జరగకపోతే ఆ మనిషి ఇంట్లో ఇంకొకరి నంబరు సంపాదించి, 'మీ భార్య కార్డులో సమస్య వచ్చింది' అని ఆయనకే ఫోన్ చేయవచ్చు. అడ్రసు, మీ పేరు కరెక్టుగా చెబితే, ఏమీ తెలియని మనిషి నమ్ముతాడు. చెప్పదలిస్తే కథంతా అక్కర్లేదు. నకిలీ లింకులో కార్డు నంబరు ఇచ్చాను, డబ్బు పోలేదు, కార్డు ఆపించాను, ఇదిగో ఫిర్యాదు నంబరు, బ్యాంకు అని ఎవరైనా నీకు ఫోన్ చేస్తే పెట్టేసి కార్డు వెనక నంబరుకి చెయ్యి అంటే సరిపోతుంది. ఇదే సంగతి ప్రొద్దుటూరులో అమ్మగారికి కూడా చెప్పండి. పార్సిల్ పంపింది ఆవిడ కాబట్టి, అడ్రసు సరిచేయమనే మెసేజ్ ఆవిడ ఫోన్‌కి వచ్చినా నిజమే అనుకుంటారు.